ఆకాశరామన్న ఉత్తరం వస్తే ర్యాగింగ్ విచారణ ఎలా చేయాలి

ఒక సోమవారం ఉదయం హాస్టల్ ఫిర్యాదుల పెట్టె తెరిస్తే, నోట్‌బుక్ నుంచి చించిన పేజీ మీద రాసిన చీటీ ఒకటి దొరికింది. "బి బ్లాక్ 312లో రోజూ రాత్రి జూనియర్లను పిలుస్తున్నారు. వాళ్ల రికార్డులు రాయిస్తున్నారు. మొన్న మంగళవారం ఒకడిని తెల్లారే దాకా నిలబెట్టారు. వార్డెన్ సార్‌కి చెప్పొద్దు ప్లీజ్." కింద సంతకం లేదు, పేరు లేదు.

నేను ఒక ఇంజనీరింగ్ కాలేజీలో తొమ్మిదేళ్లు యాంటీ ర్యాగింగ్ స్క్వాడ్‌లో పనిచేశాను. ఇలాంటి చీటీ రాగానే స్టాఫ్ రూమ్‌లో రెండు మాటలు తప్పకుండా వినిపిస్తాయి. ఒకటి, "పేరు లేని ఫిర్యాదుకి విలువేముంది, పక్కన పడేయండి." రెండోది, "ఎవడు రాశాడో పట్టుకుంటే అన్నీ వాడే చెప్తాడు." రెండూ పిల్లలకు కీడు చేసేవే. చీటీ సాక్ష్యం కాదు, నిజమే. కానీ ఎక్కడ వెతకాలో చెప్పే దారి అది. రాసినవాడిని పక్కనపెట్టి, అతను చూపించిన చోటికి వెళ్లి, మీ సొంత ఆధారాలు మీరే సంపాదించుకోవాలి. పై చీటీ విషయంలో మేం చేసిందే ఉదాహరణగా చెబుతాను. గుర్తుపట్టే వీల్లేకుండా గది నంబర్లు, కొన్ని వివరాలు మార్చాను.

మొదటి గంటలో

చీటీని రెండు వైపులా ఫోటో తీయండి. పెట్టె ఎప్పుడు తెరిచారు, ఎవరు తెరిచారు, పక్కన ఎవరున్నారు అన్నది రాసి, చీటీని కవర్లో పెట్టి ఇద్దరు సంతకాలు చేయండి. ఫిర్యాదు ఫోన్లో వస్తే అవతలివాళ్లు వాడిన మాటల్నే రాసుకోండి, మీ భాషలోకి మార్చకండి. యూజీసీ హెల్ప్‌లైన్ 1800-180-5522 ద్వారా వచ్చినా ఇదే పద్ధతి.

చీటీని ముగ్గురికి మించి చూడకూడదు. స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో ఫోటో పెట్టారంటే సాయంత్రానికి హాస్టల్ మొత్తానికి తెలుస్తుంది, ఆ రాత్రే గదులు సర్దేస్తారు. చీటీలో వార్డెన్‌కి చెప్పొద్దని ఉంది కాబట్టి ఈ విచారణ నుంచి వార్డెన్‌ను తప్పించాం. ఆయన మీద మాకు అనుమానం ఉందని కాదు. ఆయన గదికి ఎవరు వెళ్లొచ్చారో పిల్లలు గమనిస్తారన్న భయం వల్ల అలా రాసి ఉండొచ్చు. కారణం తెలియనప్పుడు, రాసినవాడు పెట్టిన హద్దును గౌరవించడమే మంచిది.

చీటీలోని చేతిరాతను అటెండెన్స్ షీట్లతో, అసైన్‌మెంట్లతో పోల్చి చూడకండి. తెలివైన పనిలా అనిపిస్తుంది కానీ, ఒకసారి లెక్చరర్లు అలా వెతికారని తెలిస్తే ఆ హాస్టల్ నుంచి మరో చీటీ రాదు. దెబ్బలు తిన్నవాడు కూడా రాయడు.

చీటీని వాక్యం వాక్యంగా విడదీయండి

ఒక తెల్లకాగితం తీసుకుని చీటీలోని ప్రతి వాక్యం ఎదురుగా మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇది నిజమైతే దాని జాడ ఇంకెక్కడ కనిపించాలి? ఆ జాడ ఎన్నాళ్లుంటుంది? రాసినవాడి ఊసెత్తకుండా దాన్ని చూడొచ్చా?

మా చీటీలో 312 అన్న గది నంబరుంది. కాబట్టి ఆ వరండాలో రాత్రిపూట రాకపోకలు కనిపించాలి. రికార్డులు రాయిస్తున్నారంటే సీనియర్ల ల్యాబ్ రికార్డుల్లో జూనియర్ల చేతిరాత ఉండాలి. మంగళవారం ఒకడిని నిలబెట్టారంటే, బుధవారం ఉదయం క్లాసుకు రానివాళ్లో, వచ్చి నిద్రపోయినవాళ్లో ఉండాలి. నాలుగు వాక్యాల చీటీలో ఇంత సమాచారం ఉంది.

అదే సమయంలో, ఈ రాత్రి ఎవరికైనా ప్రమాదం ఉందా అన్నది తేల్చుకోండి. చీటీలో గాయాల గురించో, చనిపోవాలనిపిస్తోందన్న మాటో ఉంటే ఆధారాల కోసం ఆగకండి. ఆ రాత్రే ఆ అంతస్తులో ఒక లెక్చరర్‌ను పడుకోబెట్టండి, మొదటి ఏడాది పిల్లలందరి గదులకూ వెళ్లి పలకరించండి. ఇవి ఎవరికీ శిక్ష కావు కాబట్టి రుజువు అక్కర్లేదు. లైంగికంగా హింసించారన్న మాట ఉంటే ఇంకో విషయం గుర్తుంచుకోవాలి. ఫస్టియర్‌లో పద్దెనిమిది నిండని పిల్లలు చాలామందే ఉంటారు. వాళ్ల విషయంలో పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలపడం తప్పనిసరి, కాలేజీ లోపలే తేల్చుకుందామనడానికి లేదు.

యూజీసీ 2009 నిబంధనల ప్రకారం ర్యాగింగ్ గురించి సమాచారం అందగానే, అది శిక్షాస్మృతి కింద నేరమవుతుందా లేదా అన్నది కాలేజీ అధిపతి వెంటనే తేల్చాలి. నేరమైతే 24 గంటల్లో ఎఫ్ఐఆర్ పెట్టించాలి. "పేరు లేదు కాబట్టి సమాచారం అందలేదు" అనుకోవడం కుదరదు. మన దగ్గర 1997 నాటి ర్యాగింగ్ నిషేధ చట్టం ప్రకారం, ఫిర్యాదు అందాక పట్టించుకోని కాలేజీ అధిపతిని నేరానికి తోడ్పడినవాడిగానే చూస్తారు. అందుకే ఆ రోజు ఏం నిర్ణయించారో, ఏ కారణంతో నిర్ణయించారో అదే రోజు కాగితం మీద ఉండాలి. మా ప్రిన్సిపాల్ ఆ సోమవారం ఇలా రాశారు: "ఎవరు, ఎవరిని అన్నది లేదు. స్క్వాడ్ రెండు రోజుల్లో ప్రాథమిక నివేదిక ఇవ్వాలి. నేరం జరిగినట్లు ఆధారం దొరికిన క్షణమే నాకు చెప్పాలి."

చెరిగిపోయేవాటిని ముందు కాపాడండి

మొదట చూడాల్సింది సీసీటీవీ. హాస్టళ్లలోని రికార్డర్లు నిండగానే పాతదాని మీదే కొత్తది ఎక్కించేస్తాయి. మాది పదిహేను రోజులకోసారి చెరిగిపోయేది. మంగళవారం గడిచి అప్పటికే ఆరు రోజులైంది.

బి బ్లాక్ మూడో అంతస్తు మంగళవారం ఫుటేజీ కావాలని అడిగితే కెమెరాలు చూసుకునే కుర్రాడికి విషయం అర్థమైపోతుంది. మేం అన్ని బ్లాకుల మెట్ల కెమెరాలూ, గేటు కెమెరాలూ గడిచిన పది రోజులవి హార్డ్ డిస్క్‌లోకి తీయించాం. మెస్‌లో దొంగతనాల గురించి అప్పటికే ఒక ఫిర్యాదు ఉంది కాబట్టి ఎవరూ ఆశ్చర్యపోలేదు.

ఫస్టియర్ పిల్లలు ఉండేది ఎ బ్లాకులో, రాత్రి తొమ్మిదిన్నరకు దాని గేటు మూస్తారు. మంగళవారం రాత్రి గేటు కెమెరాలో ఎవరూ లేరు. అక్కడే ఆగిపోయి ఉంటే చీటీ అబద్ధమని తేల్చేసేవాళ్లం. మెస్‌లో చేతులు కడుక్కునే చోటు పక్కన ఒక చిన్న తలుపుంది, వంటవాళ్ల కోసం పెట్టింది. దానికి కెమెరా లేదు. కానీ బి బ్లాక్ మెట్ల కెమెరాలో పదకొండూ ఇరవైకి ఆరుగురు కుర్రాళ్లు పైకి వెళ్లడం కనిపించింది. ఐదుగురు ఒంటిగంటకు దిగారు. ఆరోవాడు దిగింది నాలుగూ పదికి.

వాళ్లు వెళ్లింది మాత్రం 312లోకి కాదు, 309లోకి. ఇక్కడ చాలామంది పొరబడతారు. ఒక వివరం తప్పని తేలగానే మొత్తం అబద్ధమని కొట్టేస్తారు. రాసినవాడు విని రాసి ఉండొచ్చు, చీకట్లో తప్పు లెక్కపెట్టి ఉండొచ్చు, తనను గుర్తుపట్టకూడదని కావాలనే మార్చి ఉండొచ్చు. ఏది తప్పు, ఏది ఒప్పు అని విడివిడిగా రాసుకోండి.

తర్వాత చూసింది ల్యాబ్ రికార్డులు. చేతిరాతను పోల్చాల్సింది ఇక్కడే. 309లో ఉండే ముగ్గురు థర్డియర్ విద్యార్థుల రికార్డులను వాళ్ల మిడ్ పరీక్షల జవాబు పత్రాలతో పక్కపక్కన పెట్టాం. మరీ ఆ ముగ్గురివే అడిగితే తెలిసిపోతుందని ఆ సెక్షన్ రికార్డులన్నీ తెప్పించాం. ఇద్దరి రికార్డుల్లో ఇటీవలి నాలుగు ప్రయోగాలు వాళ్ల చేతిరాతలో లేవు. ఆ అక్షరాలు ఎవరివని వెతకడం అప్పటికి ఆపేశాం. వాళ్లవి కావన్నది చాలు. ఎవరు రాశారన్నది ఆ పిల్లల నోటి నుంచి, వాళ్ల ఇష్టంతో రావాలి.

అందరితోనూ మాట్లాడండి

ఫుటేజీలోని ఆరుగురిని నేరుగా పిలిస్తే పని తొందరగా అవుతుంది. కానీ ఆ ఆరుగురు పిలుపందుకున్నారన్న సంగతి సీనియర్లకు పది నిమిషాల్లో తెలుస్తుంది, ఆ ఆరుగురిలో ఒకడే చీటీ రాశాడని అనుకుంటారు. అందుకే హాస్టల్‌లోని ఫస్టియర్ పిల్లలందరినీ, నూట నలభై మందినీ, రోల్ నంబర్ల వరసలో ఒక్కొక్కరికి పది నిమిషాల చొప్పున పిలిచాం. నలుగురం నాలుగు గదుల్లో కూర్చుని, రెండు సాయంత్రాలు మూడేసి గంటలు మాట్లాడాం. అందరికీ ఒకే సమయం ఇవ్వాలి. ఒకడు ఏడ్చి అరగంట మాట్లాడితే బయట వరసలో ఉన్నవాళ్లు గమనిస్తారు. అలాంటివాడిని "రేపు లైబ్రరీలో కలుద్దాం" అని పంపించి, వేరే పని మీద పిలిచినట్టు కలవండి.

ఇలా అందరినీ పిలవడానికి సాకు వెతుక్కోనక్కర్లేదు. విద్యా సంవత్సరం మొదలైన మూడు నెలల పాటు పదిహేను రోజులకోసారి ఫస్టియర్ పిల్లల్లో పేర్లు లేని సర్వే చేయాలని యూజీసీ నిబంధనల్లోనే ఉంది. అది సరిగ్గా జరుగుతుంటే మీ మాటల్ని ఎవరూ అనుమానించరు.

చీటీ సంగతి ఎత్తకండి, అందులోని మాటలు వాడకండి. "309లో నిన్ను నిలబెట్టారా?" అని అడిగితే మీరు చెప్పిందే వాడు తిరిగి చెబుతాడు, లేదా భయపడి లేదంటాడు. రెండూ పనికిరావు. మా ప్రశ్నలు ఇలా ఉండేవి: రాత్రి ఎన్నింటికి పడుకుంటావు? ఈ వారం ఆలస్యమైన రోజు ఉందా, ఎందుకు? నీవి కాకుండా ఇంకెవరివైనా రాసిపెట్టావా? నువ్వు వెళ్లడానికి ఇష్టపడని చోటు క్యాంపస్‌లో ఉందా?

మూడో ప్రశ్నకు ఒక అబ్బాయి తల దించుకుని, "రాశాను సార్. ఫ్రెండ్‌షిప్ కోసమే," అన్నాడు.

"ఎన్ని రాశావు నాన్నా?"

"పదకొండు సార్."

"నీ రికార్డు ఎప్పుడు రాసుకున్నావు?"

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇంకా రాయలేదు సార్," అన్నాడు.

ఆ తర్వాత అతను చెప్పినదంతా నేను అడగకుండానే చెప్పాడు. గది, రాత్రులు, నాలుగింటి దాకా నిలబడ్డ స్నేహితుడు, అన్నీ. అప్పటికి నా చేతిలో ఉన్న ఫుటేజీతో అతని మాటలు సమయాలతో సహా కలిశాయి. అతనికి ఫుటేజీ సంగతి తెలియదు కాబట్టే ఆ కలవడానికి విలువ.

పేరు బయటికి రాకుండా చూస్తానని మాటిచ్చేముందు మీరు ఎంతవరకు నిలబెట్టుకోగలరో చూసుకోండి. నేను ఇలా చెప్పేవాడిని: "నీ పేరు సీనియర్లకు చెప్పను. స్టేట్‌మెంట్ సీల్ కవర్లో ఉంటుంది, కమిటీ మాత్రమే చూస్తుంది. కానీ పోలీసు కేసై కోర్టుదాకా వెళితే నీ పేరు అవసరం పడొచ్చు. ఆ పరిస్థితి వస్తే ముందు నీకే చెప్తాను." ఇలా చెబితే కొందరు వెనక్కి తగ్గుతారు, తగ్గనివ్వండి. ముగ్గురు సంతకం చేశారు.

చీటీ నువ్వే రాశావా అని ఎవరినీ అడగలేదు. ఎవరైనా తానే రాశానని చెప్పబోయినా, "నాకు అక్కర్లేదు, నువ్వు చూసింది చెప్పు" అనాలని నలుగురం ముందే అనుకున్నాం.

ఆరోపణ ఎదుర్కొంటున్నవాళ్లకు ఏం చెప్పాలి

వీళ్లూ మన విద్యార్థులే. వాళ్ల చదువు ఆగిపోయే నిర్ణయం తీసుకోబోతున్నాం కాబట్టి, ఏ తప్పు మోపుతున్నామో చెప్పి, జవాబిచ్చుకునే అవకాశం ఇవ్వాలి. స్క్వాడ్ విచారణలో సహజ న్యాయ సూత్రాలు పాటించాలని నిబంధనల్లోనూ ఉంది.

ఫిర్యాదుదారుడిని ఎదురుగా నిలబెట్టకపోతే విచారణ చెల్లదని చాలామంది తల్లిదండ్రులు, వాళ్ల లాయర్లు వాదిస్తారు. 1973లో సుప్రీంకోర్టు ఇచ్చిన హీరానాథ్ మిశ్రా తీర్పు ఇక్కడ తెలిసి ఉండాలి. రాంచీలోని రాజేంద్ర మెడికల్ కాలేజీలో కొందరు మగ విద్యార్థులు రాత్రిపూట అమ్మాయిల హాస్టల్‌లో జొరబడి అసభ్యంగా ప్రవర్తించారు. విచారణ కమిటీ అమ్మాయిల వాంగ్మూలాలను ఆ అబ్బాయిల ఎదుట కాకుండా విడిగా తీసుకుంది, ఫోటోలు కలగలిపి చూపించి గుర్తుపట్టమంది. అబ్బాయిలకు ఆరోపణ చెప్పి వివరణ అడిగింది కానీ అమ్మాయిల పేర్లు చెప్పలేదు. అలాంటి పరిస్థితిలో అది అన్యాయం కాదని కోర్టు అంది.

కానీ ఈ తీర్పును అతిగా వాడుకోకండి. అక్కడ అమ్మాయిలు ఎవరో కమిటీకి తెలుసు, కమిటీ వాళ్లతో స్వయంగా మాట్లాడింది. మన చీటీ రాసినవాడు మనకే తెలియదు. కాబట్టి చీటీ ఒక్కదాన్నే పట్టుకుని ఎవరినీ శిక్షించడానికి ఆ తీర్పు ఆసరా కాదు. మీరు మాట్లాడి తెలుసుకున్న సాక్షుల పేర్లు దాచడానికి మాత్రం ఆసరా అవుతుంది.

అందుకే మా నోటీసులో చీటీ మాటే లేదు. ఫలానా తేదీ రాత్రి పదకొండూ ఇరవై నుంచి నాలుగూ పది దాకా మీ గదిలో ఫస్టియర్ విద్యార్థులున్నారు, ఫలానా ప్రయోగాల పేజీలు మీ చేతిరాతలో లేవు, ఒకరిని గంటల తరబడి నిలబెట్టినట్లు కమిటీకి వాంగ్మూలాలు అందాయి, నలభై ఎనిమిది గంటల్లో రాతపూర్వకంగా జవాబివ్వండి అని రాశాం. మొదటి రెండూ వస్తువులు చెప్పేవి, వాటికి సాక్షి పేరు అక్కర్లేదు. వాంగ్మూలాల్లో కూడా ఒక్కరికే తెలిసిన వివరం ఏదీ పెట్టలేదు. "అన్నా, కాళ్లు వణుకుతున్నాయి" అని ఆ అబ్బాయి అన్నాడట. ఆ మాట నోటీసులో పెడితే చెప్పిందెవరో వాళ్లకు వెంటనే తెలుస్తుంది.

ముగ్గురిలో ఒకడు, "ఎవడు చెప్పాడు సార్ మీకు?" అన్నాడు. "ఎవరో కాదు, ఈ పేజీలు చెబుతున్నాయి. ఇది నీ రాతేనా?" అని రికార్డు ముందు పెట్టాం. మరొకడు ఆ మంగళవారం తాను ఇంటి దగ్గర ఉన్నానన్నాడు. ఔట్‌పాస్ రిజిస్టరు చూస్తే నిజమే. అతనిని ఆ ఆరోపణ నుంచి తప్పించాం. అతని రికార్డు కూడా సొంత చేతిరాతలోనే ఉంది. చీటీని నమ్మి గదిలోవాళ్లందరినీ కలిపి శిక్షించి ఉంటే ఆ పిల్లవాడికి అన్యాయం జరిగేది.

తేల్చడం

కాలేజీ క్రమశిక్షణ విచారణకు క్రిమినల్ కోర్టు స్థాయి రుజువు అక్కర్లేదు. జరగలేదనడం కంటే జరిగిందనడమే ఎక్కువ నమ్మదగినదిగా ఉంటే చాలు. మా దగ్గర మిగిలిన ఇద్దరి విషయంలో ఫుటేజీ, రికార్డులు, విడివిడిగా తీసుకున్న మూడు వాంగ్మూలాలు ఒకే మాట చెప్పాయి. రాత్రంతా కదలనివ్వకుండా నిలబెట్టడం అక్రమ నిర్బంధం కిందికి వస్తుంది. 1997 చట్టంలో దానికి రెండేళ్ల దాకా జైలు శిక్ష ఉంది. స్క్వాడ్ నివేదిక అందిన రోజే ప్రిన్సిపాల్ పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చారు. ఇద్దరినీ హాస్టల్ నుంచి తీసేసి రెండు సెమిస్టర్లు సస్పెండ్ చేశారు.

ప్రతిసారీ ఇలా తేలదు. ఏదో జరిగిందని తెలిసి, ఎవరు చేశారో తెలియని సందర్భాలే ఎక్కువ. తప్పు చేసినవాళ్లు ఎవరో తేలనప్పుడు సామూహిక శిక్ష వేయాలని యూజీసీ నిబంధనల్లో ఉంది. నా అనుభవంలో అది జూనియర్ల మీదే పగగా తిరిగొస్తుంది. దానికంటే ఆ మెస్ తలుపుకు తాళం వేయడం, స్క్వాడ్ వేళాపాళా లేకుండా రాత్రి తనిఖీలు చేయడం, రికార్డులను ల్యాబ్‌లోనే రాయించడం ఎక్కువ పనిచేశాయి.

ఏమీ దొరకకపోతే ఫైల్లో "ఆధారం లభించలేదు" అని రాయండి, "ఫిర్యాదు అబద్ధం" అని రాయకండి. కక్షతో రాసే చీటీలు ఉండవని కాదు. ఒకరి పేరు మీద తిట్లన్నీ కుమ్మరించి, చోటు, సమయం, జరిగిన పని ఏదీ చెప్పని చీటీ అలాంటిది కావచ్చు. కానీ భయపడినవాడు కూడా వివరాలు దాచే రాస్తాడు. రెండింటినీ చీటీ చూసి వేరుచేయలేం. వెతికాకే తెలుస్తుంది.

రాసినవాడికి జవాబు ఎలా చేరాలి

అతనెవరో తెలియదు కాబట్టి అందరికీ చెప్పడమే దారి. చీటీ దొరికిన మూడో రోజున అన్ని బ్లాకుల నోటీసు బోర్డుల మీద ఇలా పెట్టాం: "పెట్టెలోని ఉత్తరాలన్నీ చదివాం, వాటి మీద పని జరుగుతోంది. రాసేవాళ్లు తేదీ, సమయం, చోటు రాస్తే మేలు. పేరు అవసరం లేదు. పెట్టెలు మెస్ దగ్గర, లైబ్రరీ టాయిలెట్ల పక్కన, బస్ స్టాప్ దగ్గర ఉన్నాయి." వార్డెన్ గది ఎదురుగా ఉన్న పెట్టెను తీసేశాం. అక్కడ చీటీ వేసేవాడిని నలుగురూ చూస్తారు. ఆ వారంలోనే లైబ్రరీ పెట్టెలో రెండో చీటీ వచ్చింది, "309 సార్, 312 కాదు" అని.

శిక్ష వేశాక ఆరు వారాలు కనిపెట్టి ఉండండి. ఫుటేజీలో ఉన్న పిల్లలు ఉన్నట్టుండి భోజనానికి వేరే వేళల్లో వస్తున్నారా, గది మార్చమని అడుగుతున్నారా, ఇంటికి ఎక్కువగా వెళ్తున్నారా చూడండి. సస్పెండైనవాళ్ల స్నేహితులు "ఎవడు చెప్పాడు" అని అడుగుతూ తిరగడం కూడా ర్యాగింగే. అది కనిపిస్తే దాన్ని కొత్త ఫిర్యాదుగా మొదలుపెట్టి, దానికి వేరే ఫైలు తెరవండి. పాత ఫైల్లో చీటీ ఉన్న కవర్‌ను, సీల్ కవర్లలోని స్టేట్‌మెంట్లను నివేదికతో పాటు కుట్టకండి. నివేదిక కాపీ తల్లిదండ్రులకూ లాయర్లకూ వెళుతుంది. కవర్లు మాత్రం ప్రిన్సిపాల్ బీరువాలోనే ఉండాలి.